ప్రీ-బిడ్ మినిట్స్‌తో టెండర్ షరతు మారుతుందా? ఒక ఎస్‌టీపీ ప్యాకేజీ కేస్ స్టడీ

నేపథ్యం

ఇది ఒక మునిసిపాలిటీలో మురుగునీటి శుద్ధి కేంద్రం కోసం పిలిచిన టెండర్. ఊరి పేరు చెప్పడం లేదు. బిడ్డర్లను గుర్తుపట్టేలా ఉండే వివరాలు తీసేశాను, కొన్ని అంకెలు కాస్త మార్చాను. కేంద్రం సామర్థ్యం 10 ఎంఎల్‌డీ, అంటే రోజుకు కోటి లీటర్లు. ఒకే బేసిన్‌లో దశలవారీగా శుద్ధి జరిగే ఎస్‌బీఆర్ పద్ధతి. డిజైన్, నిర్మాణం, ఐదేళ్ల నిర్వహణ అన్నీ కలిపి ఒకే లంప్‌సమ్ ధర. డబ్బు బయటి రుణం నుంచి వస్తోంది కాబట్టి ప్రపంచ బ్యాంకు ప్రామాణిక టెండర్ పత్రం నమూనాలో డాక్యుమెంట్ తయారైంది. ముందస్తు సమీక్ష ఉన్న ప్యాకేజీ కూడా. డాక్యుమెంట్‌లో ఏ మార్పు చేయాలన్నా రుణసంస్థ నో-అబ్జెక్షన్ వచ్చాకే చేయాలి.

బిడ్లు వేయడానికి ఆరు వారాలు ఇచ్చారు. మూడో వారం చివర్లో బిడ్డర్ల సందేహాలకు జవాబిచ్చే ప్రీ-బిడ్ మీటింగ్ పెట్టారు. ఆ మీటింగ్‌లో నేను లేను. మినిట్స్ పోర్టల్‌లో పెట్టాక గొడవ మొదలైంది, అప్పుడు ప్రొక్యూర్‌మెంట్ చూడమని నన్ను పిలిచారు. అప్పటికి బిడ్ల గడువు ముగియడానికి పన్నెండు రోజులు మిగిలి ఉంది.

వచ్చిన సమస్య

మినిట్స్ చూడగానే చాలా ఆఫీసుల్లో కనిపించే పాత అచ్చే అనిపించింది. మొదటి పేజీలో హాజరైన వాళ్ల జాబితా, సంస్థల పేర్లు, సంతకాలు, ఫోన్ నంబర్లు. తర్వాత బిడ్డర్లు పంపిన ప్రశ్నల పత్రాలను లెటర్‌హెడ్‌లతో సహా స్కాన్ చేసి, పక్కన జవాబుల కాలమ్ పెట్టారు. ఆ కాలమ్‌లో ఎక్కువ చోట్ల 'టెండర్ నిబంధనల ప్రకారమే' అని ఉంది. కొన్నిచోట్ల 'పరిశీలిస్తాం', మూడు నాలుగు చోట్ల 'అంగీకరించాం'. చివరి పేరాలో 'బిడ్డర్ల కోరిక మేరకు గడువు ఒక వారం పొడిగించడమైనది' అని రాసి సంతకాలు పెట్టారు.

రెండు రోజుల్లో మూడు ఉత్తరాలు వచ్చాయి. ఒక సంస్థ ఇలా అడిగింది: "సబ్‌కాంట్రాక్టర్ అనుభవం లెక్కలోకి తీసుకుంటామని మినిట్స్‌లో అంగీకరించారు, కానీ డాక్యుమెంట్‌లో అర్హత షరతు పాతదే ఉంది. మేం దేన్ని నమ్మి బిడ్ వేయాలి?" రెండో సంస్థది సరిగ్గా తిరగేసిన వాదన. మినిట్స్‌తో అర్హత మార్చే అధికారం మీకు లేదు, అలా మార్చి ఎవరినైనా అర్హులను చేస్తే ఫిర్యాదు చేస్తాం అని రాశారు. మూడో ఉత్తరం చిన్నదే గాని నన్ను ఎక్కువ కంగారు పెట్టింది అదే. "మినిట్స్‌లో వారం పొడిగించారు, పోర్టల్‌లో మాత్రం పాత తేదీయే ఉంది. ఏది సరైనది?"

పోర్టల్ మినిట్స్ చదవదు. దానిలో పెట్టిన తేదీ, సమయం రాగానే సర్వర్ గడియారం ప్రకారం బిడ్ సమర్పణ మూసుకుపోతుంది. మినిట్స్ నమ్ముకుని కూర్చున్నవాడు ఆ సాయంత్రం బటన్ నొక్కితే బిడ్ వెళ్లదు. వాడు కోర్టుకు వెళ్తే మన సంతకం ఉన్న కాగితమే వాడి చేతిలో ఉంటుంది.

డాక్యుమెంట్ ఏం చెబుతోంది

సమాధానం టెండర్ డాక్యుమెంట్‌లోనే ఉంది, ఎవరూ అటు చూడలేదు. బిడ్డర్లకు సూచనల్లో 7వ క్లాజ్ వివరణల గురించి, ప్రీ-బిడ్ మీటింగ్ గురించి. మీటింగ్ మినిట్స్‌లో అడిగిన ప్రశ్నలు ఉండాలి, ఎవరు అడిగారో ఉండకూడదు, ఇచ్చిన జవాబులు ఉండాలి, మీటింగ్ తర్వాత తయారుచేసిన జవాబులు కూడా ఉండాలి అని అది చెబుతుంది. వెంటనే ఇంకో మాట కూడా చెబుతుంది. మీటింగ్ ఫలితంగా డాక్యుమెంట్‌లో ఏ మార్పు అవసరమైనా అది 8వ క్లాజ్ కింద అడెండం, అంటే సవరణ పత్రం, ద్వారానే జరగాలి, మినిట్స్ ద్వారా కాదు. ఆ అడెండంను బిడ్డర్లు లెక్కలోకి తీసుకోవడానికి తగిన సమయం కావాలంటే గడువు పొడిగించవచ్చని 8వ క్లాజ్‌లో ఉంది. అంటే గడువు పొడిగింపుకు ఆధారం అడెండం. బిడ్డర్ల 'కోరిక' కాదు.

కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నియమాలైన జీఎఫ్ఆర్ 2017లో 173వ రూల్ కూడా ప్రీ-బిడ్ గురించి మాట్లాడుతుంది. బిడ్లు తెరిచే తేదీకి బాగా ముందే మీటింగ్ పెట్టాలంటుంది. రాష్ట్ర నిధుల పనులకు రాష్ట్ర జీవోలు, ఆ టెండర్ డాక్యుమెంట్ షరతులు వర్తిస్తాయి, కాబట్టి ఇక్కడ నేను చెప్పే క్లాజులు ప్రతి టెండర్‌కూ ఇలాగే ఉంటాయని అనుకోకండి. మీ డాక్యుమెంట్‌లో ఆ పేజీ తీసి చదవండి.

మొదట ప్రయత్నించింది, ఎందుకు కుదరలేదు

ఈఈ గారి మొదటి ఆలోచన, "మినిట్స్ మళ్లీ రాసేద్దామండీ. పాతది పోర్టల్ నుంచి తీసేసి కొత్తది పెడితే సరిపోతుంది." చాలామందికి ఇదే తోస్తుంది. నేను వద్దన్నాను.

మినిట్స్ అంటే ఆ రోజు ఆ గదిలో ఏం మాట్లాడారన్న రికార్డు. ఎస్‌ఈ గారు ఆ రోజు సబ్‌కాంట్రాక్టర్ ప్రశ్నకు, "అదేం ఇబ్బంది లేదులెండి, చూద్దాం" అన్నారట. దాన్ని సెక్షన్‌లో 'అంగీకరించాం' అని రాశారు. ఇప్పుడు దాన్ని 'అంగీకరించలేదు' అనో, 'షరతులతో అంగీకరించాం' అనో మార్చి రాస్తే అది ఆ రోజు జరిగింది కాదు. గదిలో కూర్చున్న వాళ్లందరికీ అది తెలుసు. పైగా పాత మినిట్స్ అప్పటికే అందరూ డౌన్‌లోడ్ చేసుకున్నారు. రెండు రకాల మినిట్స్ చేతులు మారితే ఫిర్యాదు రాసేవాడికి మనమే అనుబంధం తయారుచేసి ఇచ్చినట్టు.

రెండో ఆలోచన, ప్రతి ఉత్తరానికీ విడిగా జవాబు రాయడం. దీంతో చిక్కు ఇంకా ఎక్కువ. ఒకరికి ఇచ్చిన వివరణ మిగతావాళ్లకు తెలియకపోతే అందరికీ సమాన సమాచారం అన్న సూత్రమే పోతుంది. ఫోన్‌లో అడిగిన వాళ్లకు కూడా 'రాతపూర్వకంగా అడగండి, జవాబు పోర్టల్‌లో అందరికీ వస్తుంది' అని మాత్రమే చెప్పమని సెక్షన్‌కు చెప్పాం.

మినిట్స్‌ను అలాగే ఉంచి, దాని మీద ఆధారపడాల్సిన అవసరం ఎవరికీ లేకుండా చేయాలని నిర్ణయించాం. అంటే ప్రశ్నలన్నిటికీ వివరణల పట్టిక ఒకటి, డాక్యుమెంట్‌లో మారేవాటికి అడెండం ఒకటి. మినిట్స్‌కూ అడెండంకూ తేడా వస్తే అడెండమే చెల్లుతుందని అందులోనే ఒక వాక్యం. హాజరు పట్టిక సంగతికి మాత్రం మందు లేదు. పోటీలో ఎవరెవరున్నారో అందరికీ తెలిసిపోయింది, మాట్లాడుకుని ధరలు వేసుకునే అవకాశం పెరిగింది. ఫైల్‌లో ఆ విషయం రాసి, ధరల పోలిక సమయంలో ఆ కోణంలోనూ చూడాలని నోట్ పెట్టాం.

ప్రశ్నలను ఎలా విడదీశాం

అరవైకి పైగా ప్రశ్నలు ఉన్నాయి. ఒకే విషయాన్ని నలుగురు నాలుగు రకాలుగా అడిగినవి కలిపితే నలభై చిల్లర తేలాయి. ఒక్కో ప్రశ్న దగ్గర ఆగి మేం వేసుకున్న పరీక్ష ఇది: ఈ జవాబును చెరిపేసి, డాక్యుమెంట్ ఒక్కటే ఒక కొత్త బిడ్డర్ చేతిలో పెడితే, అతను అదే అర్థానికి వస్తాడా? వస్తే అది వివరణ. రాకపోతే, అది అర్హతనో ధరనో మారిస్తే, దాని పేరు ఏదైనా అది సవరణే. అడెండంలోకి పోవాలి.

ఈ పరీక్షకు నిలిచిన 'అంగీకరించాం' ఒక్కటీ లేదు. ఆశ్చర్యం ఏమిటంటే 'టెండర్ నిబంధనల ప్రకారమే' అన్న జవాబుల్లో కూడా కొన్ని నిలవలేదు. ఎందుకంటే ఆ ప్రశ్నకు టెండర్ నిబంధనల్లో జవాబే లేదు. డాక్యుమెంట్ మౌనంగా ఉన్నచోట 'డాక్యుమెంట్ ప్రకారం' అంటే బిడ్డర్ తనకు నచ్చినట్టు అనుకుంటాడు, బిల్లుల దగ్గర మనం మనకు నచ్చినట్టు అనుకుంటాం.

బిడ్డర్ పేరు తీసేయడం కూడా చెప్పినంత తేలిక కాదు. లెటర్‌హెడ్ తీసేస్తే సరిపోదు. 'మేం ఫలానా నగరంలో కట్టిన ప్లాంట్‌లో వాడిన డీకాంటర్' అని ప్రశ్నలో ఉంటే అడిగిందెవరో అందరికీ తెలుస్తుంది. అలాంటివి ప్రశ్న సారం చెడకుండా మళ్లీ రాశాం: 'డీకాంటర్ స్టెయిన్‌లెస్ స్టీల్ కాకుండా వేరే పదార్థంతో ఇవ్వవచ్చా?' ప్రశ్నలను ఏ సంస్థ ఎప్పుడు పంపిందన్న అసలు కాగితాలు ఆఫీసు ఫైల్‌లో ఉంటాయి, పోర్టల్‌లోకి వెళ్లవు.

ఇక అడెండంలోకి వెళ్లిన వాటిలో రెండింటి దగ్గర ఎక్కువ ఆలోచించాల్సి వచ్చింది.

సబ్‌కాంట్రాక్టర్ అనుభవం

డాక్యుమెంట్‌లో షరతు ప్రకారం బిడ్డర్ గానీ, జాయింట్ వెంచర్ అయితే అందులో ఒక భాగస్వామి గానీ, కనీసం 5 ఎంఎల్‌డీ ఎస్‌బీఆర్ ప్లాంట్ కట్టి, ఏడాది నడిపి ఉండాలి. సివిల్ పనుల్లో బలమైన సంస్థలు, కానీ ఎస్‌బీఆర్ అనుభవం లేనివి, ప్రాసెస్ పరికరాలు ఇచ్చే సంస్థను సబ్‌కాంట్రాక్టర్‌గా చూపించి ఈ షరతు దాటవచ్చా అని అడిగాయి.

ఒప్పుకుంటే పోటీ పెరుగుతుంది. ఒప్పుకోకపోతే రెండు మూడు సంస్థలకే పరిమితమయ్యే ప్రమాదం ఉంది. ఇంకోవైపు, సబ్‌కాంట్రాక్టర్‌కు మనతో ఒప్పందం ఉండదు. జాయింట్ వెంచర్ భాగస్వామి లాగా ఉమ్మడి బాధ్యత వాడి మీద ఉండదు. అనుభవం చూపించి టెండర్ గెలిచాక, చవకగా దొరికిన ఇంకొకడిని తెచ్చుకుంటే ఆపడానికి మన దగ్గర ఏమీ ఉండదు. ఐదేళ్లు నడపాల్సిన ప్లాంట్ ఇది. శుద్ధి అయిన నీటి ప్రమాణాలు తప్పితే నోటీసు వచ్చేది మునిసిపాలిటీకే.

ప్రపంచ బ్యాంకు నమూనాలో స్పెషలైజ్డ్ సబ్‌కాంట్రాక్టర్ అనే ఏర్పాటు ముందే ఉంది. కొన్ని ముఖ్యమైన పనులకు మాత్రం అలాంటి వాళ్ల అనుభవాన్ని లెక్కించవచ్చు. దాన్నే వాడుకున్నాం. ప్రాసెస్ డిజైన్, పరికరాల సరఫరా, కమిషనింగ్ అనుభవం వరకు సబ్‌కాంట్రాక్టర్‌ది చెల్లుతుంది. ఏడాది నడిపిన అనుభవం, టర్నోవర్, పెద్ద కాంట్రాక్టు అనుభవం మాత్రం బిడ్డర్‌కే ఉండాలి, అయితే నడిపిన ప్లాంట్ ఎస్‌బీఆరే కానక్కరలేదు. సబ్‌కాంట్రాక్టర్ సంతకంతో అంగీకారపత్రం బిడ్‌తో పాటే పెట్టాలి. తర్వాత మార్చాలంటే అదే స్థాయి అర్హత ఉన్నవాళ్లను, మన ముందస్తు ఆమోదంతో మాత్రమే మార్చాలి.

దీన్ని 'అంగీకరించాం' అని రాస్తే ఏమీ తెలియదు. అడెండంలో ఎడమ కాలమ్‌లో పాత వాక్యం మొత్తం, కుడి కాలమ్‌లో దాని స్థానంలో చదవాల్సిన వాక్యం మొత్తం పెట్టాం. 'ఫలానా పదం తర్వాత ఫలానా పదాలు చేర్చుకోవాలి' తరహా సవరణలు పెట్టలేదు. బిడ్ చివరి రాత్రి కూర్చుని అలాంటివి అతికించుకునే ఓపిక ఎవరికీ ఉండదు, అక్కడే పొరపాట్లు జరుగుతాయి. వివరణల పట్టికలో ఆ ప్రశ్న ఎదురుగా 'అడెండం చూడండి, ఐటమ్ 3' అని మాత్రమే ఉంది. జవాబును రెండు చోట్ల రెండు రకాల మాటల్లో రాయకపోవడం ముఖ్యం. రాస్తే ఆ రెండింటి మధ్య తేడా వెతికేవాళ్లు తప్పకుండా ఉంటారు.

వెట్ వెల్ కింద రాయి

రెండోది నేల సంగతి. మురుగునీరు చేరే వెట్ వెల్ దాదాపు 11 మీటర్ల లోతు. టెండర్‌తో ఇచ్చిన నేల పరీక్ష నివేదికలో మూడు బోర్ల వివరాలు ఉన్నాయి, మూడూ ఎస్‌బీఆర్ బేసిన్లు వచ్చే చోటే వేశారు. వెట్ వెల్ దగ్గర ఒక్క బోరూ లేదు. కింద గట్టి రాయి తగిలితే ఆ ఖర్చు ఎవరిది అని బిడ్డర్లు అడిగారు. మినిట్స్‌లో జవాబు 'బిడ్డర్ సైట్ చూసుకుని సంతృప్తి చెందాలి'.

చదవడానికి మామూలు జవాబే. కానీ ఈ ఒప్పందం జనరల్ కండిషన్స్ ఫిడిక్ అనే అంతర్జాతీయ సంస్థ నమూనా తరహావి. 4.12 క్లాజ్ ప్రకారం, అనుభవం ఉన్న కాంట్రాక్టర్ ముందుగా ఊహించలేని భౌతిక పరిస్థితి ఎదురైతే అతనికి అదనపు సమయం, ఖర్చు అడిగే హక్కు ఉంటుంది. మన జవాబు ఆ హక్కును తీసేస్తున్నట్టు ఉంది, క్లాజ్ మాత్రం అలాగే ఉంది. రేపు క్లెయిమ్ వస్తే కాంట్రాక్టర్ క్లాజ్ చూపిస్తాడు, మనం మినిట్స్ చూపిస్తాం. మినిట్స్‌తో షరతు మారదని మన డాక్యుమెంటే చెబుతోంది కాబట్టి ఓడిపోయేది మనమే.

పోనీ 4.12 క్లాజ్‌నే అడెండంతో తీసేస్తే? అదీ చర్చించాం. అప్పుడు జాగ్రత్తపరుడు రాయి ఉందనుకుని ధర పెంచుతాడు, మొండివాడు రాయి లేదనుకుని తగ్గిస్తాడు. మనం మొండివాడికి పని ఇచ్చి, రాయి తగలగానే వాడు పని ఆపేస్తే చూస్తూ కూర్చుంటాం. ఎవరికీ తెలియని దాని మీద ధర వేయమంటే వచ్చేది అంచనా కాదు, పందెం.

అందుకే తెలుసుకోవడం మేలనుకున్నాం. వెట్ వెల్ మధ్యలో ఒక బోరు వేయించి, ఏ లోతులో ఏముందో చూపే లాగ్‌ను, ల్యాబ్ ఫలితాలను అడెండంతో ఇవ్వాలని నిర్ణయించాం. ఒక్క బోరుతో మొత్తం నేల తెలిసిపోదు కదా. కాబట్టి ధరల షెడ్యూల్‌లో గట్టి రాయి తవ్వకానికి విడిగా ఒక ఐటమ్ చేర్చాం. లాగ్‌లో చూపిన మట్టం కంటే పైన రాయి తగిలితే కొలిచి ఆ రేటుకు చెల్లిస్తాం. ఆ ఐటమ్‌కు కేవలం రేటు అడగకుండా ఒక నామమాత్రపు పరిమాణం పెట్టి, ఆ మొత్తం బిడ్ ధరలో కలిసేలా చేశాం. పరిమాణం లేకుండా రేటు మాత్రమే అడిగితే దాని ప్రభావం పోలికలో ఉండదు, నోటికొచ్చిన రేటు వేసేస్తారు.

గడువు లెక్క

బిడ్డర్లు నెల అడిగారు. ఆఫీసు వారం ఇచ్చింది. రెండింటికీ కారణం రాసి లేదు. పొడిగింపు ఎంత ఉండాలో పని నుంచి వెనక్కి లెక్క కట్టాం. బోరు, ల్యాబ్ పరీక్షలకు రెండు వారాలు. అడెండం తయారీ, నో-అబ్జెక్షన్‌కు ఇంకో వారం. ధరను తాకే చివరి అడెండం వచ్చాక ఇంత పెద్ద లంప్‌సమ్ పనికి బిడ్డర్లకు కనీసం రెండు నిండు వారాలు కావాలి. పరికరాల సరఫరాదారుల నుంచి కొత్త కొటేషన్లు తెప్పించుకోవాలి, సబ్‌కాంట్రాక్టర్‌తో అంగీకారపత్రం రాయించుకోవాలి. మొత్తం ఐదు వారాలు. అప్పటికి పన్నెండు రోజులే ఉన్నాయి కాబట్టి పొడిగింపు ఇరవై మూడు రోజులు తేలింది.

ఆ తేదీ క్యాలెండర్‌లో పెడితే సరిగ్గా దసరా సెలవుల్లో పడింది. బ్యాంకులు ఉండవు, బ్యాంక్ గ్యారంటీ కావాల్సిన వాళ్లు చిక్కుకుపోతారు. దసరా, దాని వెంట వచ్చిన శనివారం, ఆదివారం దాటించి మొత్తం 28 రోజుల పొడిగింపు ఖాయం చేశాం.

ఇక్కడ ఒక చిన్న నిర్ణయం పెద్ద టెన్షన్ తప్పించింది. అన్ని సవరణలూ ఒకే అడెండంలో పెట్టాలంటే బోరు ఫలితాలు వచ్చేదాకా ఆగాలి, ఈలోపు పాత గడువు దాటిపోతుంది. అందుకని అడెండం 1లో తేదీల మార్పు మాత్రమే పెట్టి, కారణం కూడా ఒక వాక్యంలో చెప్పాం: వెట్ వెల్ దగ్గర అదనపు నేల పరీక్ష ఫలితాలు, కొన్ని సవరణలు అడెండం 2లో వస్తాయి. దానికి నో-అబ్జెక్షన్ త్వరగా వచ్చింది. రాగానే అదే రోజు కొరిజెండం, అంటే సవరణ ప్రకటన, ద్వారా పోర్టల్‌లో తేదీ మార్చాం. మార్చాక, ఆఫీసు లాగిన్‌తో కాకుండా బయట నుంచి మామూలు మనిషిలా టెండర్ పేజీ తెరిచి, సమర్పణ చివరి తేదీ, తెరిచే తేదీ రెండూ మారాయో లేదో చూశాం. సమర్పణ తేదీ మారింది. తెరిచే తేదీ పాతదే ఉంది. ఇలా ఒకటి మార్చి రెండోది మర్చిపోవడం మామూలుగా జరిగేదే. దాన్నీ సరిచేశాం.

గడువుతో పాటు కదిలేవి మరికొన్ని ఉన్నాయి, మినిట్స్‌లో ఆ ఊసే లేదు. ఈ డాక్యుమెంట్‌లో బిడ్ చెల్లుబాటును ఇన్ని రోజులని కాకుండా ఒక నిర్దిష్ట తేదీగా ఇచ్చారు. గడువు 28 రోజులు జరిపి ఈ తేదీ జరపకపోతే, బిడ్లు పరిశీలించి ఆమోదించడానికి మనకున్న సమయం 28 రోజులు తగ్గిపోతుంది. బిడ్ సెక్యూరిటీ బ్యాంక్ గ్యారంటీ ఆ తేదీ తర్వాత ఇంకో 28 రోజులు చెల్లాలి, కాబట్టి అదీ మారుతుంది. అడెండంలో 'తదనుగుణంగా మారును' అని వదిలేయకుండా చెల్లుబాటు ఏ తేదీ వరకు, గ్యారంటీ ఏ తేదీ వరకు అని రెండు తేదీలూ అచ్చు వేశాం. ఒక సంస్థ అప్పటికే గ్యారంటీ తీసుకుని బిడ్ అప్‌లోడ్ చేసేశామని రాసింది. పాత బిడ్‌ను వెనక్కి తీసుకుని కొత్త షెడ్యూల్‌తో మళ్లీ సమర్పించాలని, గ్యారంటీకి బ్యాంకు నుంచి గడువు పొడిగింపు పత్రం జతచేస్తే చాలునని, కొత్త గ్యారంటీ అక్కరలేదని వివరణల పట్టికలో పేరు లేకుండా అందరికీ చెప్పాం.

ఇంకొకటి బేస్ డేట్. బిడ్ల చివరి తేదీకి 28 రోజుల ముందు తేదీని ఈ కాంట్రాక్టు బేస్ డేట్‌గా తీసుకుంటుంది. పన్నులు, చట్టాల మార్పుల ప్రభావం, ధరల సర్దుబాటు సూచీలు అన్నీ దాని నుంచే మొదలవుతాయి. పొడిగింపు సరిగ్గా 28 రోజులు కావడంతో పాత గడువు తేదీయే కొత్త బేస్ డేట్ అయింది. పాత బేస్ డేట్ నుంచి కొత్త బేస్ డేట్ దాకా ఉన్న నాలుగు వారాల్లో స్టీలు ధర పెరిగితే అది బిడ్డర్ తన ధరలోనే చూసుకోవాలి, సర్దుబాటులో రాదు. ఈ విషయం ఎవరూ అడగలేదు. అయినా పట్టికలో మేమే రాశాం.

ఏం జరిగింది

అడెండం 2 అనుకున్న వారంలోనే వెళ్లింది. అభ్యంతరం చెప్పిన రెండో సంస్థ మళ్లీ ఉత్తరం రాయలేదు, బిడ్ వేసింది. అప్‌లోడ్ చేసేశామన్న సంస్థ పొడిగింపు పత్రం జతచేసి మళ్లీ సమర్పించింది. బిడ్లు తెరిచాక అర్హత దగ్గరగానీ గ్యారంటీ తేదీ దగ్గరగానీ ఎవరినీ పక్కన పెట్టాల్సిన అవసరం రాలేదు. తర్వాత ఆడిట్ వాళ్లు గడువు ఎందుకు పొడిగించారని అడిగితే వెనక్కి లెక్క కట్టిన ఆ నోట్ కాపీ ఇచ్చాం, ఆ అభ్యంతరం డ్రాప్ అయింది.

ఆ ఆఫీసులో ఇప్పుడు ప్రీ-బిడ్ పద్ధతి కొంత మారింది. మీటింగ్‌లో అధికారులు నోటితో ఇచ్చే జవాబులకు ముందే 'రాతలో వచ్చేదే చెల్లుతుంది' అని చదివి వినిపిస్తున్నారు. హాజరు పట్టిక ఫైల్ దాటి బయటకు రావడం లేదు. పట్టికలో ప్రశ్న, సంబంధిత క్లాజ్, జవాబు, అడెండం ఐటమ్ నంబర్ అని నాలుగు కాలమ్‌లు ఉంటున్నాయి. నాలుగో కాలమ్ ఖాళీగా ఉంటే మూడో కాలమ్‌లో కొత్త షరతు ఏదీ లేదని సంతకం పెట్టే అధికారి చూసుకోవాలి. 'పరిశీలిస్తాం' అన్న మాటను మాత్రం ఇంకా పూర్తిగా వదిలించలేకపోయాం.

పని మొదలయ్యాక వెట్ వెల్ తవ్వకంలో బోరు లాగ్ చూపిన మట్టం కంటే దాదాపు మీటరు పైనే ఒక పక్క రాయి తగిలింది. కొలిచారు, షెడ్యూల్ రేటుకు బిల్లు చేశారు, ఉత్తరాల యుద్ధం లేదు. నీరు తోడే ఖర్చు దగ్గర మాత్రం తగాదా వచ్చింది. భూగర్భజల మట్టం గురించి ప్రీ-బిడ్‌లో ఒక్కరూ అడగలేదు, లాగ్‌లో ఉన్న నీటి మట్టం ఎండాకాలానిదా వానాకాలానిదా అని మేమూ రాయలేదు. ఆ క్లెయిమ్ నేను ఆ ప్రాజెక్టు వదిలే నాటికి ఇంజనీర్ నిర్ణయం కోసం ఎదురుచూస్తోంది.